ఉలి అంచు పెచ్చులూడితే నేను చేసింది

కార్బన్ స్టీలుతో నేను చేసుకున్న ఇనుము కోసే ఉలి రెండో దెబ్బకే అంచు పెచ్చులూడింది. గట్టిపరిచాక పెళుసుదనం తగ్గించడానికి మళ్లీ వేడి చేసేటప్పుడు, ఉక్కు మీద లేత గడ్డి రంగు, అంటే దాదాపు 220 డిగ్రీలు, రాగానే చల్లార్చేయడమే నా పొరపాటు. ఆ గట్టిదనం గీకే పనిముట్టుకు సరే, సుత్తి దెబ్బకు ఆగదు.

అంచు సానబట్టి, మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. ఆకురాయి పట్టకుండా జారింది, గట్టిపడినట్టే. ఈ పరీక్ష తప్పదు, ఎందుకంటే మెత్తటి ఉక్కు మీదా ఇవే రంగులు వస్తాయి.

తర్వాత తళతళలాడేలా రుద్ది, అంచుకు కాస్త వెనక వేడి పెట్టాను. గడ్డి రంగు, గోధుమ, ఊదా వరసగా అంచు వైపు పాకాయి. ఒక్క క్షణం ఆలస్యమై నీలం తిరిగింది! రుద్దితే రంగు పోయింది గానీ మెత్తదనం పోలేదు. మళ్లీ మొదటినుంచి కాల్చాను. ఈసారి ఊదా, అంటే సుమారు 280 దగ్గర, అంచును తాకగానే ముంచేశాను. ఇప్పుడు పెచ్చులూడట్లేదు.