రెండో తరగతి పిల్లలకి ఒక ఆటల పీరియడ్: లెసన్ ప్లాన్ ఎలా రాసుకోవాలి?

ప్రాథమిక పాఠశాలల్లో విడిగా పీఈటీ ఉండటం అరుదు. ఉదయం తెలుగు, లెక్కలు చెప్పిన టీచరే ఆటల పీరియడ్‌కి పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లాలి. బంతి ఇచ్చి వదిలేస్తే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఇప్పటికే బాగా ఆడగలిగే ఐదారుగురు బంతిని తీసేసుకుంటారు, మిగతావాళ్లు గోడ పక్కన కూర్చుని మట్టిలో గీతలు గీస్తుంటారు. ఆట అవసరమైంది ఆ గోడ పక్కన ఉన్నవాళ్లకే. వాళ్ల కోసం ఒక పేజీ లెసన్ ప్లాన్ ఎలా రాయాలో ఒకే ఒక్క పాఠం తీసుకుని చూద్దాం.

పాఠం: రెండు చేతులతో బంతి పట్టుకోవడం. తరగతి: రెండు. పిల్లలు 28 మంది, పీరియడ్ 40 నిమిషాలు. విశాఖలో మధురవాడ వైపు మామూలు బడి అనుకోండి. చిన్న గ్రౌండ్, ఒక వేపచెట్టు, ఉదయం రెండో పీరియడ్.

మొదట లక్ష్యం, ఒక్కటే

ప్లాన్‌లో ఎక్కువమంది రాసే వాక్యం ఇలా ఉంటుంది: "పిల్లలలో బంతిని పట్టుకునే నైపుణ్యాన్ని పెంపొందించుట." పీరియడ్ అయ్యాక ఇది నెరవేరిందో లేదో చెప్పడానికి ఏ దారీ లేదు. చూసి లెక్కపెట్టగలిగేలా రాయండి: "రెండు పెద్ద అడుగుల దూరం నుంచి జోడీ కింద నుంచి విసిరిన బంతిని, ఛాతీకి ఆనించుకోకుండా చేతులతోనే పదింట ఆరు సార్లు పట్టుకుంటారు."

ఇందులో దూరం ఉంది, విసిరే తీరు ఉంది, పట్టుకునే తీరు ఉంది, సంఖ్య ఉంది. "ఛాతీకి ఆనించుకోకుండా" అన్న మాటకి కారణం ఉంది. ఆరేడేళ్ల పిల్లలు చాలామంది బంతి రాగానే రెండు చేతులూ కట్టుకుని దాన్ని గుండెకి హత్తుకుంటారు. ఇది తప్పు కాదు, నేర్చుకునే క్రమంలో ఒక దశ. తర్వాతి దశకి తీసుకెళ్లడమే ఈ పాఠం పని. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒక పీరియడ్‌లో ఇది చాలు. సరిగ్గా విసరడం, పరిగెడుతూ పట్టుకోవడం వేరే రోజు పాఠాలు.

లక్ష్యం రాశాక ప్రధాన కార్యక్రమం రాయండి. వార్మప్, కూల్‌డౌన్ చివర్లో రాసుకోవాలి, ఎందుకంటే అసలు పని తెలిశాకే దానికి ఏ వార్మప్ కావాలో తెలుస్తుంది. పిల్లలకి జరిగే వరస మాత్రం మామూలే.

టైం లెక్క

40 నిమిషాలు అనుకుంటాం గానీ తరగతి గదిలోంచి వరసగా రావడానికి, తిరిగి వెళ్లడానికే ఆరు నిమిషాలు పోతాయి. వార్మప్‌కి ఆరు, కూల్‌డౌన్‌కి ఐదు, అటూ ఇటూ అయితే సర్దుకోవడానికి రెండు. ప్రధాన కార్యక్రమానికి మిగిలేది 21 నిమిషాలు. ఇక్కడ ఒక్క నిమిషం కూడా పిల్లలు ఊరికే నిలబడకూడదు.

రెండు లైన్లుగా నిలబెట్టి ఒక్కొక్కరికీ బంతి విసిరితే ఎలా ఉంటుందో లెక్కేయండి. ఒక్కో విసురుకి ఐదు సెకన్లనుకున్నా, లైన్‌లో 14 మంది ఉంటే ఒక్కో పిల్లకి 70 సెకన్లకి ఒకసారి బంతి వస్తుంది. పది నిమిషాల్లో ఎనిమిది సార్లు. అదే జంటలుగా నిలబెడితే, కిందపడిన బంతిని తెచ్చుకునే టైం తీసేసినా 30, 40 సార్లు వస్తుంది. పట్టుకోవడం అన్ని సార్లు ప్రయత్నిస్తేనే వస్తుంది. కాబట్టి 28 మందికి 14 బంతులు కావాలి.

అన్ని రబ్బరు బంతులు ఏ బడిలో ఉంటాయి? పాత న్యూస్‌పేపర్ గట్టిగా ఉండచేసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి టేపు చుడితే రెండు పిడికిళ్లంత బంతి తయారవుతుంది. తగిలినా నొప్పి ఉండదు, దూరం దొర్లిపోదు. గాలి నింపిన తేలికపాటి ప్లాస్టిక్ బంతులు మన దగ్గర అంత పనికిరావు, సముద్రపు గాలికి పక్కకి కొట్టుకుపోతాయి. క్రికెట్ టెన్నిస్ బంతి కూడా ఈ వయసుకి చిన్నది, వేగంగా వస్తుంది. వద్దు.

ప్రధాన కార్యక్రమం: మూడు మెట్లు

బంతులు పంచకముందే రెండు నియమాలు చెప్పండి. బంతి చేతిలో పడ్డాక మీ మాట ఎవరికీ వినపడదు. మొదటిది, విజిల్ వినగానే బంతి కింద, పాదం పక్కన. రెండోది, ఎదుటివాళ్లు చేతులు చాపి చూపిస్తేనే బంతి విసరాలి. ఈ రెండో నియమం వల్ల సగం దెబ్బలు, సగం పొరపాట్లు ముందే ఆగిపోతాయి.

మొదటి మెట్టు, ఐదు నిమిషాలు. జంటలో ఒకరు బంతిని తన ముఖం ఎత్తు దాకా ఎగరేసి తానే పట్టుకోవాలి, రెండోవాళ్లు లెక్కపెట్టాలి. ఐదు సార్లయ్యాక మార్పు. ఇక్కడ చెప్పాల్సింది ఒక్క మాట: "బంతినే చూడు." మిగతా సలహాలన్నీ దాచుకోండి.

రెండో మెట్టు, ఏడు నిమిషాలు. ఇద్దరూ ఎదురెదురుగా, ఒక పెద్ద అడుగు దూరంలో. కింద నుంచి మెల్లగా, ఎదుటివాళ్ల పొట్టకి, ఛాతీకి మధ్య పడేలా విసరాలి. ఇప్పుడు రెండో మాట: "చేతులు ముందుకి." మోచేతులు కాస్త వంచి, అరచేతులు బంతి వైపు తెరిచి ఉంచాలి.

మూడో మెట్టు, తొమ్మిది నిమిషాలు. రెండు పెద్ద అడుగుల దూరం. ఇద్దరూ కలిపి వరసగా మూడు క్యాచ్‌లు పడితే చెరో చిన్న అడుగు వెనక్కి, కిందపడితే చెరో చిన్న అడుగు ముందుకి. మొత్తం ప్లాన్‌లో నాకు బాగా నచ్చే భాగం ఇదే. ఆర్కే బీచ్‌లో అన్నయ్యలతో క్రికెట్ ఆడే పిల్లాడు నాలుగు అడుగుల దూరానికి వెళ్తాడు, బంతి ముట్టుకోవడమే కొత్త అయిన పాప ఒక అడుగులోనే ఉంటుంది, ఇద్దరికీ తగినంత కష్టం ఉంటుంది. ఎవరూ అవుట్ కారు. అవుట్ అయిన వాళ్లని పక్కన కూర్చోబెట్టే ఆటల్లో మొదట కూర్చునేది ఎప్పుడూ ఎక్కువ సాధన అవసరమైనవాళ్లే. ఈ మెట్టులో మూడో మాట: "పట్టి లోపలికి లాగు." బంతి తగిలిన క్షణంలో చేతులు ఒంటి వైపు కాస్త వెనక్కి వస్తే వేగం తగ్గుతుంది, బంతి వేళ్లలోంచి ఎగిరిపోదు.

జంటల్ని ఎటు నిలబెట్టాలన్నది కూడా ప్లాన్‌లో రాయండి. మనకి ఉదయపు ఎండ సముద్రం వైపు నుంచి నేరుగా కళ్లలో పడుతుంది. ఎండకి ఎదురుగా నిలబడ్డ పిల్లకి బంతి కనపడదు, మనం దానికి భయం అని పేరు పెడతాం. నేల మీద పిల్లల నీడలు చూడండి. ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఇద్దరి నీడలూ పక్కకి పడితే దిశ సరైనట్టే.

ఎక్కడ తేడా వస్తుంది?

కొందరు పిల్లలు బంతి రాగానే కళ్లు మూసుకుని ముఖం పక్కకి తిప్పేస్తారు. "భయపడకు" అంటే ఉపయోగం లేదు. దూరం ఒక అడుగుకి తగ్గించండి, ఇంకా మెత్తటి బంతి ఇవ్వండి. అప్పటికీ అలాగే ఉంటే పాత చున్నీ ముక్క ఎగరేసి పట్టుకోమనండి. అది నెమ్మదిగా దిగుతుంది కాబట్టి కళ్లు చివరిదాకా దాని మీదే ఉంటాయి.

ఛాతీకి హత్తుకోవడం మానని పిల్లలుంటే ముందు వాళ్లని కాదు, ఎదురుగా విసిరేవాళ్లని చూడండి. బంతి మెడ దగ్గరికో, మరీ గట్టిగానో వస్తుంటే ఎవరైనా అలాగే పట్టుకుంటారు. విసురు సరిచేస్తే పట్టు చాలాసార్లు తనంతట తానే మారుతుంది.

వార్మప్, కూల్‌డౌన్

వార్మప్‌కి ఆరు నిమిషాలు. గ్రౌండ్ చుట్టూ పరుగు తీయించడం కన్నా, ఈ రోజు పనికి వచ్చే కదలికలే ఆటగా పెట్టండి. పిల్లలు సున్నంతో గీసిన గడిలో అటూ ఇటూ నడుస్తారు, తర్వాత మెల్లగా పరిగెడతారు. మీరు ఒక్క చప్పట్టు కొడితే ఆగి చేతులు ముందుకి చాపాలి, రెండు కొడితే ఎగిరి తలపైన చప్పట్టు కొట్టాలి. చివరి రెండు నిమిషాలు మామూలు అంటుకునే ఆట, దొరికినవాళ్లే కొత్త దొంగ. ఇలా చేస్తే ఒళ్లు వేడెక్కుతుంది, మీ సంకేతానికి ఆగడం అలవాటవుతుంది, చేతులు చాపడం ముందే వచ్చేస్తుంది. కదలకుండా నిలబడి సాగదీసే వ్యాయామాలు ఇక్కడ అక్కర్లేదు.

విశాఖ ఉక్కలో చెమట త్వరగా ఆరదు, అందువల్ల పిల్లల ఒళ్లు చల్లబడటం కష్టం. అందుకే మార్చి నుంచి పరుగుని సగానికి తగ్గించండి. రెండో మెట్టు అయ్యాక అందరినీ చెట్టు నీడకి పిలిచి నీళ్లు తాగించండి. ఒంటిపూట బడుల రోజుల్లో ఆటల పీరియడ్ మొదటిదే అయ్యేలా టైంటేబుల్ మార్చుకోవడం మంచిది. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే పీరియడ్ పడితే పరుగు పూర్తిగా మానేసి నడకతోనే వార్మప్ చేయించాలి.

కూల్‌డౌన్ ఐదు నిమిషాలు, నీడలో. ఒక నిమిషం మెల్లగా నడక, చేతులు వదులుగా ఊపడం. తర్వాత కూర్చుని కాళ్లు చాపి వేళ్లు అందుకోవడం, ముక్కుతో నాలుగైదు దీర్ఘ శ్వాసలు. దీని అసలు ఉపయోగం ఏమిటంటే, తర్వాతి పీరియడ్ లెక్కలకి పిల్లలు రొప్పుతూ వెళ్లరు. చివరి రెండు నిమిషాలు ప్రశ్నలకి. "బాగా ఆడారా?" అని అడిగితే అందరూ "ఆడాం టీచర్" అనే అంటారు. "బంతి వచ్చేముందు చేతులు ఎక్కడుండాలి? చూపించండి" అనండి. చూపించిన చేతుల్లోనే జవాబు ఉంటుంది.

అయిపోయాక

మూడో మెట్టులో అందరినీ గమనించలేరు. ఐదు జంటల్ని ఎంచుకుని, ఒక్కొక్కరి పది విసుర్లలో ఎన్ని చేతులతోనే పట్టుకున్నారో నోట్‌బుక్‌లో వేసుకోండి. వచ్చేసారి మరో ఐదు జంటలు. చూసిన పది మందిలో ఏడుగురు ఆరు, అంతకన్నా ఎక్కువ పట్టుకుంటే తర్వాతి ప్లాన్‌లో దూరం మూడు అడుగులు చేయండి. సగం మంది కూడా ఆరు పట్టుకోకపోతే ఇదే పాఠాన్ని ఒకటిన్నర అడుగు దూరంతో మళ్లీ పెట్టండి. ఎవరికి చున్నీ ముక్క ఇవ్వాల్సి వచ్చిందో పేర్లు రాసి పెట్టుకుంటే, వచ్చేసారి వాళ్లని నెమ్మదిగా విసిరే జోడీకి ఎదురుగా నిలబెట్టవచ్చు.