స్లైడ్ టైటిల్‌ను తేలిన సంగతి చెప్పే వాక్యంగా మార్చడం ఎలా?

‘పాల సేకరణ వివరాలు’, ‘చెల్లింపుల స్థితి’, ‘రైతుల అభిప్రాయాలు’, ‘తదుపరి చర్యలు’. నెలవారీ సమీక్షల్లో కనిపించే స్లైడ్ టైటిళ్లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. స్లైడ్ దేని గురించో ఇవి చెబుతాయి గానీ, అందులో ఏం తేలిందో చెప్పవు. చార్టు చదివి సారం పట్టుకునే పని చూసేవాళ్ల మీద పడుతుంది. గదిలో పదిమంది ఉంటే ఒకరు మొత్తం అంకె చూస్తారు, ఇంకొకరు తమ ఏరియా గీత ఒక్కటే చూస్తారు, చర్చ ఎటో వెళ్లిపోతుంది. టైటిల్ చోట పూర్తి వాక్యం పెట్టి, ఆ స్లైడ్ చెప్పే అసలు సంగతిని అక్కడే రాసేస్తే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. ఇలాంటివాటిని యాక్షన్ టైటిళ్లు అంటారు.

ఎలా మార్చాలో చూడటానికి ఒక డెయిరీని ఊహించుకుందాం. నాలుగు రూట్లలో పాలు సేకరిస్తుంది. ఏప్రిల్‌లో రోజుకు సగటున 40,000 లీటర్లు వచ్చేవి, జూన్‌లో 35,000 వచ్చాయి. మొదటి స్లైడ్ టైటిల్ ‘పాల సేకరణ: ఏప్రిల్–జూన్’. కింద రూట్లవారీగా బార్ చార్టు ఉంది. ఉత్తర రూటు 12,000 నుంచి 11,700కి, తూర్పు 10,000 నుంచి 9,900కి, పడమర 8,000 నుంచి 7,800కి, దక్షిణ రూటు 10,000 నుంచి 5,600కి వచ్చాయి.

మొదటి పని: టైటిల్‌ను చేత్తో మూసి, చార్టును పక్కసీటు మనిషికి నోటితో చెప్పండి

రాయడం మొదలుపెట్టగానే మనకు ఆఫీసు భాష వచ్చేస్తుంది. మాట్లాడేటప్పుడు అది రాదు. “పాలు తగ్గాయండీ, రోజుకు ఐదు వేల లీటర్లు. కానీ అన్నిచోట్లా కాదు, దాదాపు అంతా దక్షిణ రూట్లోనే పోయింది” అంటారు. నోటివెంట వచ్చిన ఆ మాటను పొడుగైనా సరే యథాతథంగా రాసుకోండి. టైటిల్‌కు ముడిసరుకు అదే.

అప్పటికీ మాట రాకపోతే, చార్టు చూపించి “అయితే ఏంటి?” అని అడగమని ఎవరికైనా చెప్పండి. “సేకరణ తగ్గింది” అంటే మళ్లీ “అయితే ఏంటి?” అని అడగాలి. రెండు మూడుసార్లు అడిగేసరికి చార్టులో ఉన్న సంగతి బయటికొస్తుంది. అక్కడే ఆగాలి. ఇంకోసారి అడిగితే జవాబు చార్టు దాటిపోయి మన ఊహ అవుతుంది.

రెండో పని: ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నవి వాక్యంలో చేర్చండి

‘పాల సేకరణ తగ్గింది’ పూర్తి వాక్యమే, కానీ అది ఏ డెయిరీకైనా సరిపోతుంది. ‘సేకరణలో గణనీయమైన మార్పు వచ్చింది’ అంటే ఇంకా బలహీనం, పెరిగిందో తగ్గిందో కూడా తెలియదు. మన వాక్యంలో మూడూ పెడితే ఇలా వస్తుంది:

‘ఏప్రిల్–జూన్ మధ్య రోజుకు 5,000 లీటర్ల సేకరణ తగ్గితే, అందులో 4,400 లీటర్లు దక్షిణ రూటువే.’

ఇందులో రెండే అంకెలున్నాయి. నాలుగు రూట్ల అంకెలూ టైటిల్‌లోకి ఎక్కిస్తే చార్టు ఉండి ప్రయోజనం లేదు. వాదన నిలబడటానికి ఏ అంకె తప్పనిసరో దాన్నే ఉంచండి.

తెలుగులో రాసేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి, టైటిల్ రెండు లైన్లయితే అసలు సంగతి రెండో లైను చివరికి జారుతుంది. ‘దక్షిణ రూటువే’ అన్నట్టు ‘ఏ’ చేర్చి, క్రియ లేకుండానే వాక్యం ముగిస్తే పొడవు తగ్గుతుంది, బరువు కూడా సరైన మాట మీద పడుతుంది. ‘తగ్గుదల నమోదు కావడం గమనించడమైనది’ లాంటి ముగింపులు కనిపిస్తే కొట్టేసి ‘తగ్గింది’ అని రాయండి.

పాత టైటిల్‌ను పారేయకండి. ‘రూట్లవారీ సగటు సేకరణ, రోజుకు లీటర్లలో’ అని చిన్న అక్షరాలతో చార్టు పైన పెట్టండి. ఏం కొలిచామో, ఏ యూనిట్లలో కొలిచామో చెప్పడం దాని పని.

మూడో పని: టైటిల్‌లోని ప్రతి మాటకూ కింద రుజువుందా అని వెతకండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. రెండో స్లైడ్‌లో చెల్లింపుల చార్టు ఉందనుకుందాం. మూడు రూట్లలో రైతులకు డబ్బు 10 రోజులకు అందుతోంది, దక్షిణ రూట్లో 24 రోజులకు అందుతోంది. చూడగానే చేయి ఇలా రాసేస్తుంది: ‘చెల్లింపులు ఆలస్యం కావడం వల్లే దక్షిణ రూటు రైతులు వెళ్లిపోయారు.’ ఆ చార్టు ఈ మాట చెప్పడం లేదు. అది రోజుల లెక్క మాత్రమే చూపిస్తోంది. ‘వల్లే’ అన్న రెండక్షరాలకు కింద ఆధారం లేదు. అక్కడ రాయగలిగింది ఇంతే: ‘సేకరణ పడిపోయిన దక్షిణ రూట్లోనే చెల్లింపుకు 24 రోజులు పడుతోంది, మిగతా చోట్ల 10.’

కారణం చెప్పాల్సిన చోటు మూడో స్లైడ్. పాలు పోయడం మానేసిన 62 మంది రైతులను అడిగితే 47 మంది డబ్బు ఆలస్యమే కారణమన్నారు అనుకుంటే, ‘మానేసిన 62 మంది రైతుల్లో 47 మంది చెప్పిన కారణం: డబ్బు ఆలస్యం’ అని రాయొచ్చు. అది రైతుల మాటగా చెప్పడం వల్ల వాక్యం నిజం దాటదు.

రుజువు చూడకుండా రాసిన వాక్యం, పాత తరహా లేబుల్ కన్నా ప్రమాదకరం. దీనికి 2003 నాటి కొలంబియా స్పేస్ షటిల్ స్లైడ్ గట్టి ఉదాహరణ. జనవరి 16న ప్రయోగం జరిగినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క షటిల్ ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు నష్టాన్ని అంచనా వేసి నాసాకు స్లైడ్లు ఇచ్చారు. వాటిలో ఒకదాని టైటిల్ వాక్యంలాగే ఉంది. షటిల్‌ను వేడి నుంచి కాపాడే టైల్‌లోకి ముక్క చొచ్చుకుపోవడంపై పరీక్షల సమాచారం చూస్తే, అంచనా జాగ్రత్త వైపే మొగ్గిందని దాని భావం. చదివినవాళ్లకు నిశ్చింత కలుగుతుంది. కానీ అదే స్లైడ్ అట్టడుగున, చిన్న అక్షరాల్లో, ఊడిన ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలనీ, పరీక్షల్లో వాడినది 3 ఘనపు అంగుళాలనీ ఉంది. అంటే 640 రెట్లు తేడా. ఆ పరీక్షలు ఈ ముక్క గురించి దాదాపు ఏమీ చెప్పలేవు. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ కొలంబియా విచ్ఛిన్నమైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ప్రమాదంపై వేసిన దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఈ స్లైడ్‌ను ప్రత్యేకంగా విమర్శించింది.

ప్రమాదానికి కారణం ఆ స్లైడ్ ఒక్కటే అనడం తప్పు. కానీ దాని టైటిల్ మీద మన పద్ధతి ప్రయోగిస్తే లోపం వెంటనే దొరుకుతుంది. కింద ఉన్న రుజువు నుంచి పైకి రాస్తే, ‘తాకిన ముక్క పరీక్షల్లో వాడినదానికి 640 రెట్లు పెద్దది, వాటితో టైల్ నష్టాన్ని తేల్చలేం’ అని వచ్చేది. ‘తేల్చలేం’ కూడా తేలిన సంగతే. మీ డేటా సరిపోకపోతే అదే టైటిల్‌గా రాయండి, ఏం కావాలో కింద రాయండి.

నాలుగో పని: రెండు లైన్లకు కుదించండి, అక్షరాలను కాదు

పవర్‌పాయింట్ సాధారణ టెంప్లేట్‌లో టైటిల్ 44 పాయింట్లలో ఉంటుంది. అది రెండు మాటల లేబుల్‌కు సరిపోయే సైజు. వాక్యం పెట్టగానే సాఫ్ట్‌వేర్ అక్షరాలను తనంతట తానే చిన్నవి చేయొచ్చు. అప్పుడు ఒక్కో స్లైడ్‌లో ఒక్కో సైజు కనిపిస్తుంది. అందుకని View ట్యాబ్‌లో Slide Master తెరిచి, టైటిల్‌ను 24 నుంచి 28 పాయింట్ల మధ్య పెట్టి, ఎడమకు సర్దండి. లైన్ల మధ్య దూరం కూడా చూడాలి. ఆ టెంప్లేట్‌లో అది 90 శాతంగా ఉంటుంది. ఇంగ్లిష్‌కు చెల్లుతుంది గానీ, తెలుగులో పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. 100 శాతమో, ఫాంట్‌ను బట్టి ఇంకాస్త ఎక్కువో పెట్టండి.

ఇంత చేసినా మూడో లైనుకు వెళ్తోందంటే లోపం సైజుది కాదు. వాక్యం మధ్యలో ‘అలాగే’, ‘మరియు’ ఉన్నాయేమో చూడండి. ఉంటే సాధారణంగా అక్కడ రెండు సంగతులున్నట్టే. స్లైడ్‌ను రెండుగా విడగొట్టాలి. ఎంత ప్రయత్నించినా ఒక్క వాక్యమూ రాని స్లైడ్‌లు కూడా ఉంటాయి. వాటిలో సమాచారం ఉంటుంది, వాదన ఉండదు. అవి చివర అనుబంధంలోకి వెళ్లాలి, అక్కడ లేబుల్ టైటిల్ చాలు. ముఖచిత్రం స్లైడ్‌కూ, విభాగం పేరు చెప్పే స్లైడ్‌కూ కూడా వాక్యాలు అక్కర్లేదు.

ఐదో పని: టైటిళ్లను మాత్రమే వరసగా చదవండి

View ట్యాబ్‌లో Outline View నొక్కితే ఎడమపక్క స్లైడ్ల పాఠం వస్తుంది. అందులో రైట్‌క్లిక్ చేసి Collapse, తర్వాత Collapse All ఎంచుకుంటే టైటిళ్లే మిగులుతాయి. ఏదైనా స్లైడ్ దగ్గర ఖాళీ కనిపిస్తే, అక్కడ టైటిల్‌ను దాని పెట్టెలో కాక మామూలు టెక్స్ట్ బాక్స్‌లో రాశారన్నమాట. సరిచేయండి. మన డెయిరీ ఇలా చదవాలి:

ఏప్రిల్–జూన్ మధ్య రోజుకు 5,000 లీటర్ల సేకరణ తగ్గితే, అందులో 4,400 లీటర్లు దక్షిణ రూటువే.
సేకరణ పడిపోయిన దక్షిణ రూట్లోనే చెల్లింపుకు 24 రోజులు పడుతోంది, మిగతా చోట్ల 10.
మానేసిన 62 మంది రైతుల్లో 47 మంది చెప్పిన కారణం: డబ్బు ఆలస్యం.
దక్షిణ రూట్లో చెల్లింపును 10 రోజులకు తేవాలంటే జులైలో సుమారు 31 లక్షలు విడుదల చేయాలి.

నాలుగోది ‘తదుపరి చర్యలు’ అన్న పాత స్లైడ్. ఇప్పుడున్న 5,600 లీటర్లకు లీటరు 40 రూపాయల చొప్పున 14 రోజుల బకాయి లెక్కిస్తే 31.36 లక్షలు వస్తుంది. ఆ లెక్క స్లైడ్‌లో కనిపించాలి. ఒక టైటిల్ నుంచి ఇంకో టైటిల్‌కు వెళ్లేటప్పుడు “ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?” అనిపిస్తే మధ్యలో ఒక స్లైడ్ తక్కువైంది. రెండు టైటిళ్లు ఒకే మాట చెబితే ఒకటి ఎక్కువైంది.

వచ్చే నెల ఇదే ఫైలును కాపీ చేసి అంకెలు మార్చేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. చార్టు కొత్తదవుతుంది, టైటిల్ మాత్రం పాత నెల మాటే చెబుతుంటుంది. లేబుల్ టైటిళ్లకు ఈ సమస్య లేదు, అవి ఏ నెలకైనా సరిపోతాయి. వాక్యాలకు ఉంది. అందుకని కాపీ చేయగానే, చార్టులను ముట్టుకోకముందే, అన్ని టైటిళ్లూ చెరిపేయండి. కొత్త అంకెలు చూశాకే మళ్లీ రాయండి.