క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు చదవడం – 3వ పాఠం: కనీస మొత్తం కట్టిన తర్వాత ఏం జరుగుతుంది?

కిందటి రెండు పాఠాల్లో స్టేట్‌మెంటులోని లావాదేవీల పట్టికను చూశాం. ఈసారి మొదటి పేజీ పైభాగానికి వెళ్దాం. అక్కడ కనిపించే అంకెలు కొన్నే అయినా, డబ్బు పోయేది వాటిని తప్పుగా చదివినప్పుడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కార్డు బిల్లింగ్ సైకిల్ జూన్ 16 నుంచి జూలై 15 వరకు. స్టేట్‌మెంటు జూలై 15న తయారవుతుంది, చెల్లింపు గడువు ఆగస్టు 4. కార్డుదారు జూన్ 20న 20,000 రూపాయలు పెట్టి వాషింగ్ మెషిన్ కొన్నారు. అంతకుముందు బాకీ ఏమీ లేదు. స్టేట్‌మెంటులో ‘టోటల్ అమౌంట్ డ్యూ’ 20,000 అని, ‘మినిమమ్ అమౌంట్ డ్యూ’ 1,000 అని ఉంటుంది. ఈ కార్డులో కనీస మొత్తం అంటే బాకీలో 5 శాతం.

ఆగస్టు 4లోగా 20,000 కట్టేస్తే వడ్డీ రూపాయి కూడా పడదు. జూన్ 20 నుంచి దాదాపు నెలన్నర ఆ డబ్బు ఉచితంగా వాడుకున్నట్టే. అదే వస్తువు జూలై 15న కొని ఉంటే ఉచిత గడువు 20 రోజులే. అందుకే ప్రకటనల్లో ‘50 రోజుల వరకు’ అని రాసినప్పుడు ఆ ‘వరకు’ మీద కన్నేసి ఉంచాలి.

మన కార్డుదారు గడువు రోజున 1,000 మాత్రమే కట్టారు. దానివల్ల ఆలస్య రుసుము పడదు, ఖాతా ఎగవేతగా నమోదు కాదు. కనీస మొత్తం చేసే మేలు అంతవరకే. వడ్డీ లేని గడువు మాత్రం పోతుంది, అది కూడా వెనకటి తేదీ నుంచి. మిగిలిన 19,000 మీద వడ్డీ ఆగస్టు 4 నుంచి కాక, కొన్న రోజు జూన్ 20 నుంచే లెక్కకొస్తుంది. పైగా పాత బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకూ ఉచిత గడువు ఉండదు. జూలై 25న ఆయన 5,000 రూపాయల సరుకులు కొన్నారనుకుందాం. వాటి మీద ఆ రోజు నుంచే వడ్డీ.

ఇక ఆగస్టు 15 స్టేట్‌మెంటులో ‘ఫైనాన్స్ ఛార్జెస్’ వరుస చూడండి. వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. వినడానికి చిన్నదిగానే ఉంటుంది, ఏడాదికి 42 శాతం. బాకీని 0.42తో గుణించి, రోజుల సంఖ్యతో గుణించి, 365తో భాగిస్తే వడ్డీ వస్తుంది.

19,000 మీద జూన్ 20 నుంచి ఆగస్టు 15 వరకు 57 రోజులకు 1,246.19. సరుకుల 5,000 మీద 22 రోజులకు 126.58. రెండూ కలిపి 1,372.77. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేరే వరుసలో ఉంటుంది: 247.10. కట్టింది వెయ్యి, దాని పక్కనే పడిన భారం 1,619.87. కొత్త బాకీ 25,619.87.

మీ కార్డు లెక్క దీనికి కొంచెం తేడాగా రావచ్చు. కొన్నిచోట్ల డబ్బు కట్టిన రోజు వరకు మొత్తం 20,000 మీదే వడ్డీ లెక్కిస్తారు. కార్డుతో వచ్చే ‘అతి ముఖ్యమైన నిబంధనలు, షరతులు’ పత్రంలో ఉదాహరణతో సహా ఆ పద్ధతి ఉంటుంది. ఆ పత్రంలో నేను ముందు తిప్పే పేజీ అదే.

ఈసారి కనీస మొత్తం కూడా వెయ్యి దగ్గర ఆగదు. చాలా కార్డుల్లో అసలులో 5 శాతానికి వడ్డీ, పన్ను పూర్తిగా కలుపుతారు. ఇక్కడ 1,200కు 1,619.87 కలిపితే 2,819.87. అంత కట్టినా అసలు తగ్గేది 1,200 మాత్రమే.

సెప్టెంబరు 4న ఆయన 25,619.87 మొత్తం కట్టేశారనుకుందాం. అయినా సెప్టెంబరు 15 స్టేట్‌మెంటులో మళ్లీ ఫైనాన్స్ ఛార్జెస్ కనిపిస్తాయి. కస్టమర్ కేర్‌కు కోపంగా ఫోన్లు వెళ్లేది ఇక్కడే. కానీ లెక్క సరైనదే. ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 3 వరకు 19 రోజులు 24,000 అసలు బాకీగానే ఉంది. ఆ వడ్డీ 524.71, జీఎస్టీ 94.45, మొత్తం 619.16. దాన్ని గడువులోగా కట్టేస్తే ఆ గొలుసు తెగుతుంది. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే కొత్త కొనుగోళ్లకు ఉచిత గడువు మళ్లీ పోవచ్చు.

అభ్యాసం: ఇదే కార్డులో ఆయన ఆగస్టు 4న 1,000 బదులు 15,000 కట్టి ఉంటే, ఆగస్టు 15 నాటికి వడ్డీ ఎంత పడేది? జీఎస్టీ కలపకుండా లెక్కవేయండి. 5,000 మీద 57 రోజులు, మరో 5,000 మీద 22 రోజులు. జవాబు 454.52 రావాలి. వచ్చే పాఠంలో ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే స్టేట్‌మెంటులో ఏయే వరుసలు పడతాయో చూద్దాం.