కుక్క కాటు కేసుతో ఇమ్యూనిటీ షార్ట్ నోట్స్ రాసుకోవడం ఎలా?

రోగనిరోధక శక్తి పాఠంలో నిర్వచనాలు విడివిడిగా బట్టీ పడితే, పరీక్షలో టీకాకీ సీరానికీ తేడా అడగగానే తడబడతాం. అందుకే నోట్సంతా ఒకే కేసు చుట్టూ రాసుకోమంటాను. విశాఖలో ఎంవీపీ కాలనీ సందులో 30 కిలోల పిల్లాణ్ణి వీధికుక్క పిక్క మీద రక్తం వచ్చేలా కరిచిందనుకుందాం.

ముందు ఒక గీత గీసి, దాని మీద 0, 3, 7, 28 అని రోజులు వేయండి. చర్మంలోకి వేసే రేబిస్ టీకా డోసులు పడే రోజులివి. సున్నా దగ్గర, సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద పావుగంట గాయం కడగడం అని రాయండి. చాలా వైరస్ అక్కడే పోతుంది.

ఇప్పుడు గీత పైన టీకా సంగతి. ఇందులో ఉండేది చంపిన వైరస్, అంటే ప్రతిజనకం. యాంటీబాడీలు ఉండవు. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఆ ప్రతిజనకాన్ని చూసి బి-కణాలు యాంటీబాడీలు తయారుచేయడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఇది యాక్టివ్ ఇమ్యూనిటీ. కరిచాక వేసినా టీకా పనిచేస్తుందంటే, రేబిస్ వైరస్ నరాల వెంట మెదడు చేరడానికి సాధారణంగా నెలలు పడుతుంది కాబట్టే.

మరి ఆ మొదటి వారం కాపాడేదెవరు? గీత కింద సీరం రాయండి. ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలే. మనుషుల రక్తం నుంచి తీసినదైతే కిలోకి 20 యూనిట్లు, మన పిల్లాడికి 600. దాన్ని గాయంలోనూ, గాయం చుట్టూనూ ఎక్కిస్తారు. ఇది పాసివ్ ఇమ్యూనిటీ: వెంటనే పనిచేస్తుంది, కొన్ని వారాల్లో తరిగిపోతుంది, జ్ఞాపకం మిగల్చదు. మొదటి డోసు పడి 7 రోజులు దాటితే సీరం ఇవ్వరు. అప్పటికి సొంత యాంటీబాడీలు వస్తుంటాయి, బయటివి వాటి తయారీకి అడ్డొస్తాయి.

గాయంలోనే ఎందుకు? ఈ జవాబులోనే యాంటీబాడీ పనితీరు ఉంది. పక్కన వై ఆకారం గీసి రెండు కొసలు గుర్తించండి. ఆ కొసలు వైరస్ పైపొర ప్రొటీన్‌కి అతుక్కుంటే, అది నరకణానికి అంటుకోలేదు. దీన్నే న్యూట్రలైజేషన్ అంటారు. నరంలోకి దూరిన వైరస్ దాదాపుగా యాంటీబాడీకి అందదు, అందుకే ఆలస్యం ప్రమాదం. 'యాంటీబాడీ క్రిమిని చంపుతుంది' అని మాత్రం రాయకండి. అది పట్టి ఆపుతుంది, లేదా తెల్ల రక్తకణాలు మింగడానికి గుర్తు పెడుతుంది.

చివర్లో ఇంకో చిన్న గీత: టీకా కోర్సు పూర్తయిన కొన్నేళ్లకు అదే పిల్లాణ్ణి మళ్లీ కుక్క కరిచింది. ఈసారి 0, 3 రోజుల్లో టీకా చాలు, సీరం అక్కర్లేదు. కారణం అనే చోట 'జ్ఞాపక కణాలు' అని రాసి కింద గీత గీయండి.