వాదనను తూచడం – 4వ పాఠం: దేకార్త్ సందేహం ఎక్కడ ఆగింది?

ఒక వాదనలో ఆధారాలేవో, ముగింపేదో విడదీయడం గత పాఠంలో చూశాం. ఆ ముగింపు ఎంత బరువు మోస్తుందో ఈసారి తూచుదాం. దానికి ఫ్రెంచ్ తత్త్వవేత్త రెనె దేకార్త్ 1641లో లాటిన్‌లో అచ్చువేసిన ‘ధ్యానాలు’ పుస్తకం చాలు.

అనుమానించలేనిది ఏదైనా మిగులుతుందా అని వెతుకుతూ దేకార్త్ నమ్మకాలను ఒక్కొక్కటిగా ఏరుతూ కూర్చోలేదు, వాటి పునాదిని పట్టుకున్నాడు. కళ్లూ చెవులూ అప్పుడప్పుడు మోసం చేస్తాయి. దూరపు వస్తువుల సంగతి సరే, చలిమంట పక్కన కూర్చున్నానన్నది కూడా అనుమానమేనా? కలలోనూ అచ్చం ఇలాగే అనిపించిందిగా. పోనీ, రెండూ మూడూ అయిదన్నది కలలో కూడా మారదు. దాన్నీ కదిలించడానికి, అనుకున్న ప్రతిసారీ మనల్ని తప్పుదారి పట్టించే మహాశక్తిమంతుడైన మాయావిని ఊహించాడు. ఇవన్నీ అబద్ధాలని ఆయన తేల్చలేదు. అనుమానానికి సందుంది కనుక పక్కన పెట్టాడు, అంతే. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఆ మాయావి నన్ను ఎంత మోసం చేసినా, మోసపోవడానికి నేనంటూ ఉండాలి. కాబట్టి ‘నేను ఉన్నాను’ అని అనుకున్నప్పుడల్లా ఆ మాట నిజమే.

ఆలోచనే ఎందుకు, వేరే ఏ పని నుంచైనా ‘ఉన్నాను’ అని తేల్చవచ్చుగా అని ఆ కాలపు తత్త్వవేత్త గసెండి అడ్డు తగిలాడు. ‘నడుస్తున్నాను కాబట్టి ఉన్నాను’ అంటే సరిపోదు. మంచం మీద పడుకుని నడుస్తున్నట్టు కల కనవచ్చు. అయితే ‘నడుస్తున్నట్టు నాకు అనిపిస్తోంది’ అంటే పనికొస్తుంది, ఎందుకంటే అనిపించడం కూడా ఆలోచనే. మన పరీక్ష ఇదే: మాయావిని ఉంచి, వాక్యం ఇంకా నిలుస్తుందా అని చూడాలి.

నిలిచింది చాలా చిన్నది. ఆలోచిస్తున్నంతసేపే అది ఖాయం. నిన్న ఉన్నానన్నది జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. నా శరీరాన్ని అనుమానించగలను, నన్ను అనుమానించలేను, కాబట్టి నేను శరీరం కాదు అనడమూ చెల్లదు. దీని మీద ఆ కాలపు మరో తత్త్వవేత్త ఆర్నో చెప్పిన ఉదాహరణ గట్టిది. అర్ధవృత్తంలో గీసిన త్రిభుజం లంబకోణ త్రిభుజమని ఒకరికి రూఢిగా తెలియవచ్చు. కానీ కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానమా అని వారికి అనుమానం ఉండవచ్చు. అంతమాత్రాన త్రిభుజానికి ఆ గుణం లేకుండా పోదు. మన అనుమానం మన తెలివిడి ఎంతవరకుందో చెబుతుంది, వస్తువు సంగతి చెప్పదు. రెండో ధ్యానంలో దేకార్త్ కూడా ఈ సందు తెరిచే ఉంచాడు. మనసు, శరీరం వేరనే వాదనను ఆరో ధ్యానానికి వాయిదా వేశాడు.

బయటి ప్రపంచాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఆయనకు మోసం చేయని దేవుడు కావలసి వచ్చాడు. ఆ దేవుణ్ణి నిరూపించాలంటే స్పష్టంగా తోచినదాన్ని ముందే నమ్మాలి, అలా తోచినది నిజమనడానికి మళ్లీ దేవుడే పూచీ. ఈ చిక్కునూ ఆర్నోయే పట్టాడు. వచ్చే పాఠం దాని మీదే.

ఈలోగా మాయావి పరీక్ష పెట్టి చూడండి: ‘నాకు తలనొప్పిగా ఉంది’, ‘నాకు తల ఉంది’, ‘ఇప్పుడే ఈ పాఠం చదివాను’. మొదటిది నిలిచి రెండోది ఎందుకు పడిపోతుందో రెండు వాక్యాల్లో రాయండి. మూడోదానిలో ఏ మాట దగ్గర మాయావికి చోటు దొరుకుతుందో గుర్తించండి.