పాంప్లెట్‌లో కస్టమర్ల మాటలే పెట్టండి

నాన్న టైలరింగ్ షాపు పాంప్లెట్‌లో 'అన్ని రకాల ఆల్టరేషన్లు, శారీ ఫినిషింగ్' అని ఉండేది. కొత్తది వేయించే ముందు వారం రోజులు కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లు అడిగిన మొదటి మాటను ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 'ఆల్టరేషన్' అన్నవాళ్లు చాలా తక్కువ. 'జాకెట్టు చంకల దగ్గర పట్టేస్తోంది, లూజు చేస్తారా?', 'చీరకు ఫాల్, పీకో ఎంత?' అనేవాళ్లు. ఆ మాటలే పెద్ద అక్షరాల్లో పెట్టాను. పెద్దవాళ్లు జాకెట్టు అంటారు, కాలేజీ పిల్లలు బ్లౌజ్ అంటారు కాబట్టి రెండూ రాశాను. 'లూజు చేస్తాం' కింద మాత్రం 'లోపల కుట్టులో గుడ్డ వదిలి ఉంటే' అని చేర్పించారు నాన్న. గుడ్డ లేకపోతే అతుకు వేయాలి, అది బయటికి కనిపిస్తుంది.