నీళ్లు మానేయడం దగ్గరే చిక్కు మొదలైంది

నాకు 67 ఏళ్లు, ఊరు నరసన్నపేట దగ్గర. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి రాత్రి మూత్రానికి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోందని పగలంతా నీళ్లు తగ్గించేశాను. పది రోజుల్లో మలం రాయిలా గట్టిపడింది. ముక్కితే గానీ అయ్యేది కాదు. ఆ రోజుల్లోనే మూత్రం కూడా చుక్కలు చుక్కలుగా రావడం మొదలైంది.

శ్రీకాకుళంలో స్కాన్ తీస్తే, మూత్రం పోశాక కూడా సంచిలో 180 మి.లీ. మిగిలి ఉంది. డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. మలం నిలిచే పేగు సరిగ్గా ప్రోస్టేట్ వెనకే ఉంటుంది. అది నిండితే మూత్రం దారిని నొక్కుతుంది. మూత్రం కోసం ముక్కితే అడుగు కండరాలు బిగుసుకుంటాయి, అప్పుడు మలానికీ దారి వదులవదు.

అందుకే ముందు మలబద్ధకం సంగతి చూశాం. సాయంత్రం ఐదులోపే రెండు లీటర్ల నీళ్లు (గుండె, కిడ్నీ జబ్బులుంటే డాక్టరును అడగాలి), పడుకునే ముందు బదులు సాయంత్రమే పెద్ద గ్లాసు నీళ్లతో రెండు చెంచాల ఇసబ్‌గోల్. పొద్దున చోడి అంబలి తాగాక, పాదాల కింద చిన్న పీట పెట్టుకుని కూర్చుంటాను, ముక్కను. మూత్రం అయ్యాక అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నిస్తాను. రాత్రి మూత్రం దారిని వదులు చేసే టామ్సులోసిన్ మాత్ర. అది వేసుకుంటే మంచం మీంచి నెమ్మదిగా లేవాలి, కళ్లు తిరుగుతాయి.

నెల తర్వాత స్కాన్‌లో 60 మి.లీ. కనిపించింది. రాత్రి రెండుసార్లే లేస్తున్నాను. జలుబు మాత్రలు మాత్రం అడగకుండా వేసుకోను, వాటిలో కొన్ని మూత్రాన్ని బిగపట్టేస్తాయి. పొత్తికడుపు ఉబ్బి చుక్క కూడా రాకపోతే ఇంట్లో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి గొట్టం వేయించుకోవాలి.